లింక్ తెగితే అడ్మిన్ కూడా బయటే: ఎమర్జెన్సీ అడ్మిన్ అకౌంట్ ఎలా పెట్టాలి, ఎక్కడ దాచాలి?

గాజువాక_రవి | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. విశాఖ ఆటోనగర్ దగ్గర ఒక తయారీ కంపెనీలో ఐటీ చూసుకుంటాను. సుమారు 200 మంది యూజర్లు, మైక్రోసాఫ్ట్ 365 బిజినెస్ ప్రీమియం. అకౌంట్లన్నీ ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీ నుంచి క్లౌడ్‌కి సింక్ అవుతాయి. లాగిన్ పాస్‌త్రూ అథెంటికేషన్ మీద నడుస్తుంది. ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా అది సరైనదో కాదో చెప్పేది మా సర్వర్ రూమ్‌లో ఉన్న రెండు ఏజెంట్లే.

మొన్నటి వానల్లో ఫైబర్ తెగింది. బ్యాకప్ లైన్ కూడా అదే దారిలో వస్తోందట, రెండూ ఒకేసారి పోయాయి. అప్పటికే లాగిన్ అయి ఉన్నవాళ్ళకి ఫోన్లలో మెయిల్ వస్తూనే ఉంది. కొత్తగా లాగిన్ అవ్వాల్సిన వాళ్ళు మాత్రం ఇంట్లో ఉన్నా, హైదరాబాద్ బ్రాంచిలో ఉన్నా లోపలికి వెళ్ళలేకపోయారు. నేను మొబైల్ హాట్‌స్పాట్ పెట్టుకుని అడ్మిన్ పేజీ తెరిచాను. నాకూ అదే గతి. నా అడ్మిన్ అకౌంట్ కూడా ఏడీ నుంచి సింక్ అయినదే కదా. సాయంత్రానికి లైన్ వచ్చింది కాబట్టి సరిపోయింది.

అక్టోబరు, నవంబరు అంటే మనకి తుఫాన్ల కాలం. ఇలాంటప్పుడు వాడటానికి ఒక ఎమర్జెన్సీ అకౌంట్ ఉండాలని మా ఎండీ గారు అంటున్నారు. దాన్ని ఎలా తయారుచేయాలి, పాస్‌వర్డో కీనో ఎక్కడ పెట్టాలి, ఎవరైనా చాటుగా వాడితే మనకి ఎలా తెలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

---

ఎంవీపీ_మూర్తి | ఆదివారం, రాత్రి 10:15

తమ్ముడూ, ఇదేం పెద్ద పని కాదు. క్లౌడ్‌లోనే కొత్తగా ఒక అకౌంట్ తెరువు, గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వు. ముప్పై, నలభై అక్షరాల పాస్‌వర్డ్ పెట్టి కాగితం మీద రాసి, కవరులో సీలు వేసి బ్యాంకు లాకర్‌లో పెట్టేయ్. ఎవరు ఎలా లాగిన్ అవ్వాలో తేల్చే కండిషనల్ యాక్సెస్ పాలసీలన్నిటి నుంచీ దాన్ని మినహాయించు. పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడిగే ఎంఎఫ్ఏ మాత్రం పెట్టకు. ఎంఎఫ్ఏ పనిచేయని రోజు కోసమే కదా ఈ అకౌంట్! నేను మూడు కంపెనీల్లో ఇలాగే పెట్టాను.

---

సీతమ్మధార_శ్రీ | ఆదివారం, రాత్రి 11:02

మూర్తి గారు చెప్పినదాంట్లో చాలావరకు సరైనదే. క్లౌడ్‌లోనే పుట్టిన అకౌంట్, పెద్ద పాస్‌వర్డ్, పాలసీల నుంచి మినహాయింపు, ఇవన్నీ కావాలి. ఎంఎఫ్ఏ వద్దన్న మాట మాత్రం ఇప్పుడు చెల్లదు. 2024 అక్టోబరు నుంచి అజూర్ పోర్టల్, క్లౌడ్ అకౌంట్లని చూసుకునే ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లలోకి వెళ్ళే ప్రతి అకౌంట్‌కీ మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్ఏ తప్పనిసరి చేస్తూ వచ్చింది. 2025 ఫిబ్రవరి నుంచి మైక్రోసాఫ్ట్ 365 అడ్మిన్ సెంటర్‌కీ అది మొదలైంది. ఎమర్జెన్సీ అకౌంట్లకి మినహాయింపు లేదని వాళ్ళే స్పష్టంగా రాశారు. ఇది కండిషనల్ యాక్సెస్ పాలసీ కాదు. అందుకే మీరు పాలసీల్లో ఎంత మినహాయించినా, ఆ పేజీ తలుపు దగ్గర ఆపేస్తుంది.

అంటే పాత పద్ధతిలో సీలు వేసిన కవరు లాకర్‌లో ఉన్నవాళ్ళు, అవసరం వచ్చిన రోజు దాన్ని చించి పాస్‌వర్డ్ కొడితే "ఎంఎఫ్ఏ రిజిస్టర్ చేసుకోండి" అన్న పేజీ వస్తుంది. ఆ గందరగోళంలో ఎవరి ఫోన్ దొరికితే దానికి కట్టేస్తారు. ఇంకా భయం ఏమిటంటే, ఎంఎఫ్ఏ ఏదీ లేని అకౌంట్ పాస్‌వర్డ్ బయటివాళ్ళకి దొరికితే ఆ రిజిస్ట్రేషన్ వాళ్ళే చేసేసుకోగలరు.

దీనికి సరైన దారి ఫిడో2 సెక్యూరిటీ కీ. యూఎస్‌బీలో పెట్టి, పిన్ కొట్టి, వేలితో తాకితే లాగిన్ అవుతుంది. ఎంఎఫ్ఏ కూడా అందులోనే అయిపోతుంది. దానికి ఫోను అక్కర్లేదు, ఎస్ఎంఎస్ అక్కర్లేదు, ఏడీ అక్కర్లేదు.

రవి గారూ, మీ విషయంలో నేను ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని వెళ్తాను. మామూలు లాగిన్ పోయినప్పుడు దానితో పాటు ఇంకేమేం పోతాయి? ఆ పోయేవాటిలో ఏ ఒక్కదాని మీదా ఎమర్జెన్సీ అకౌంట్ ఆధారపడకూడదు. అకౌంట్ పేరు దగ్గర నుంచి, కీ ఉన్న గది తాళం వరకు, అలర్ట్ వెళ్ళే మెయిల్ వరకు ఇదే లెక్క.

---

లెక్కల_బాబు | సోమవారం, ఉదయం 7:30

నాకూ ఇదే సమస్య సార్. మా షాపులో ట్యాలీ అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టిన అబ్బాయి ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు కంపెనీ డేటా తెరుచుకోవట్లేదు. ఈ సెక్యూరిటీ కీ కొంటే తెరుచుకుంటుందా?

---

మధురవాడ_క్లౌడ్ | సోమవారం, ఉదయం 8:05

బాబు గారూ, ఇక్కడ మాట్లాడుతున్నది మైక్రోసాఫ్ట్ క్లౌడ్ లాగిన్ గురించి. ట్యాలీకి ఈ కీ పనిచేయదు. ముందు ఆ డేటా ఫోల్డర్‌ని అలాగే వేరే డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి, తర్వాత మీకు ట్యాలీ అమ్మిన పార్ట్‌నర్‌ని అడగండి. ఇక్కడ వేరే థ్రెడ్ తెరిస్తే ట్యాలీ తెలిసినవాళ్ళు చూస్తారు.

---

గాజువాక_రవి | సోమవారం, మధ్యాహ్నం 1:20

శ్రీ మేడమ్, ఫోను మీద ఆధారపడకూడదన్న సంగతి నేను ఆలోచించలేదు. ఇప్పుడు మా అడ్మిన్లందరి ఎంఎఫ్ఏ ఫోన్ల మీదే ఉంది. అకౌంట్ తయారీ మొదటి నుంచి ఒకసారి చెబుతారా? అకౌంట్ ఒకటి చాలా, రెండు కావాలా? కీ రిజిస్టర్ చేసేటప్పుడే మొదట ఎంఎఫ్ఏ అడుగుతుందని విన్నాను, మరి దాన్ని దాటేదెలా?

---

సీతమ్మధార_శ్రీ | సోమవారం, రాత్రి 9:48

అకౌంట్లు రెండు పెట్టండి. ఒకదాని కీ పాడైనా, ఎవరో పొరపాటున ఒకదాన్ని డిసేబుల్ చేసినా రెండోది ఉంటుంది. రెండూ ఎంట్రా అడ్మిన్ సెంటర్‌లోనే తయారుచేయండి, ఏడీలో వద్దు. పేరు చివర మీ కంపెనీ డొమైన్ కాకుండా `onmicrosoft.com` ఉండాలి. రేపు మీ డొమైన్‌ని ఫెడరేషన్‌కి మార్చినా, ఆ డొమైన్‌లో ఏ గొడవ వచ్చినా ఈ అకౌంట్లకి తగలకూడదు. లైసెన్సు ఇవ్వక్కర్లేదు, మెయిల్‌బాక్స్ అక్కర్లేదు.

గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ రోల్ శాశ్వతంగా యాక్టివ్‌గా ఉండాలి. కొన్ని కంపెనీల్లో రోల్ కావాలంటే ముందు రిక్వెస్ట్ పెట్టి, ఇంకొకరు అప్రూవ్ చేసే పద్ధతి ఉంటుంది. రోజువారీ అడ్మిన్లకి అది మంచిదే. ఈ రెండు అకౌంట్లకి మాత్రం వద్దు, ఎందుకంటే ఆ రోజు అప్రూవ్ చేయాల్సిన మనిషి కూడా బయటే ఉండిపోతాడు.

కీ రిజిస్ట్రేషన్ సంగతి. ముందు అథెంటికేషన్ మెథడ్స్‌లో ఫిడో2 పాస్‌కీ, టెంపరరీ యాక్సెస్ పాస్ రెండూ ఈ అకౌంట్లకి ఆన్ చేయండి. తర్వాత మీ మామూలు అడ్మిన్ అకౌంట్‌తో వెళ్ళి, కొత్త అకౌంట్‌కి ఒక టెంపరరీ యాక్సెస్ పాస్ ఇవ్వండి. మామూలుగా అది గంటసేపు పనిచేస్తుంది. బ్రౌజర్ ప్రైవేట్ విండోలో `aka.ms/mysecurityinfo` తెరిచి, ఆ పాస్‌తో లాగిన్ అయి, కీ రిజిస్టర్ చేయండి. ఒక్కో అకౌంట్‌కి రెండు కీలు పెట్టండి, మొత్తం నాలుగు అవుతాయి. అయ్యాక వెంటనే అదే కీతో ఒకసారి లాగిన్ అయి చూడండి. ఫోన్ నంబరు గానీ, ఫోన్ యాప్ గానీ ఆ అకౌంట్‌కి అస్సలు చేర్చకండి.

పిన్ విషయంలో ఒక జాగ్రత్త. వరసగా తప్పు పిన్ కొడితే మూడోసారి తర్వాత కీని తీసి మళ్ళీ పెట్టమంటుంది. మొత్తం ఎనిమిది తప్పులైతే కీ లాక్ అవుతుంది. అప్పుడు రీసెట్ చేయడం తప్ప దారి లేదు, రీసెట్ చేస్తే అందులోని రిజిస్ట్రేషన్ పోతుంది. అందుకే పిన్ ఎవరి జ్ఞాపకంలోనో కాకుండా కాగితం మీద ఉండాలి. అంకెలు స్పష్టంగా, ఒకటికీ ఏడుకీ తేడా తెలిసేలా రాయండి.

ఇక మీ అసలు కథ. మీకు హైదరాబాద్‌లో డొమైన్ కంట్రోలర్ ఉందా? ఉంటే అక్కడ ఒక ఏజెంట్ ఎందుకు పెట్టలేదు? మైక్రోసాఫ్ట్ చెప్పేదే కనీసం మూడు ఏజెంట్లు. రెండూ ఒకే గదిలో, ఒకే లైన్ మీద ఉంటే అవి లెక్కకి రెండే గానీ నిజానికి ఒకటే.

---

మధురవాడ_క్లౌడ్ | సోమవారం, రాత్రి 10:30

శ్రీ గారు చెప్పినవన్నీ చేసినా అకౌంట్ చచ్చిపోయే దారులు రెండున్నాయి. రెండూ నేను కళ్ళారా చూశాను.

మొదటిది, నేను ఇంతకుముందు పనిచేసిన ఒక కంపెనీలో జరిగింది. తొంభై రోజులు లాగిన్ కాని అకౌంట్లని డిసేబుల్ చేసే స్క్రిప్ట్ ఒకటి ప్రతి నెలా నడిచేది. ఎమర్జెన్సీ అకౌంట్ అంటేనే ఎవరూ లాగిన్ కాని అకౌంట్. స్క్రిప్ట్ దాని పని అది చేసింది. ఎవరికీ తెలియలేదు. తర్వాత ఒక పాలసీ మార్పుతో అడ్మిన్లందరూ లాగిన్ కాలేక బయటే ఉండిపోయినప్పుడు కవరు తెరిచారు, అకౌంట్ డిసేబుల్ అయి ఉంది. మైక్రోసాఫ్ట్ సపోర్ట్‌కి ఫోన్ చేసి, కంపెనీ తమదేనని రుజువు చేసుకుని, లోపలికి రావడానికి రోజులు పట్టింది. కాబట్టి మీ దగ్గర అలాంటి క్లీనప్ ఏదైనా ఉంటే ఈ రెండు అకౌంట్ల ఆబ్జెక్ట్ ఐడీలని అందులో మినహాయించండి. పేరుతో కాదు, ఐడీతోనే. పేరు ఎవరైనా మార్చవచ్చు.

రెండోది మినహాయింపు గ్రూపు. చాలామంది "బ్రేక్‌గ్లాస్" అని ఒక గ్రూపు పెట్టి, దాన్ని అన్ని పాలసీల నుంచి మినహాయిస్తారు. మామూలు గ్రూపయితే గ్రూపుల అడ్మిన్ ఎవరైనా అందులోకి తన అకౌంట్‌ని చేర్చుకుని, ఏ పాలసీ తగలకుండా తిరగవచ్చు. ఆ గ్రూపు తయారుచేసేటప్పుడే "రోల్స్ ఇవ్వదగిన గ్రూపు" అనే ఆప్షన్ ఆన్ చేయండి. తర్వాత మార్చడం కుదరదు. అప్పుడు గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్, ప్రివిలేజ్డ్ రోల్ అడ్మినిస్ట్రేటర్ లాంటి పెద్ద రోల్స్ ఉన్నవాళ్ళు, లేదా ఆ గ్రూపు ఓనర్లు మాత్రమే సభ్యులని మార్చగలరు.

కీల మోడళ్ళని పరిమితం చేసే సెట్టింగ్ కూడా చూసుకోండి. ముందు అనుమతించిన మోడల్‌ని తర్వాత ఎవరైనా జాబితా నుంచి తీసేస్తే, ఇప్పటికే రిజిస్టర్ అయిన కీ కూడా లాగిన్‌కి పనిచేయదు.

---

ఆడిట్_కళ్యాణి | మంగళవారం, ఉదయం 10:10

నేను ఆడిట్ వైపు నుంచి చూసే మనిషిని. ఒకరికి మించి వాడే అకౌంట్ అంటే మాకు మొదటి ప్రశ్న, ఆ రోజు వాడింది ఎవరు అని. ఈ అకౌంట్‌కి ఎవరి పేరూ ఉండదు కాబట్టి, లాగ్ చూస్తే అకౌంట్ పేరు తెలుస్తుంది గానీ మనిషి తెలియడు. ఆ లోటు కాగితం తీర్చాలి. కీ ఉన్న కవరుకి నంబరున్న సీలు వేయండి. పక్కన ఒక రిజిస్టరు పెట్టి తేదీ, సమయం, ఎవరు తెరిచారు, ఎవరు చూశారు, ఎందుకు, తిరిగి వేసిన కొత్త సీలు నంబరు రాయించండి. రెండు సంతకాలు ఉండాలి.

నా అభిప్రాయంలో కీ ఒకరి దగ్గర, పిన్ ఇంకొకరి దగ్గర ఉండాలి. ఒక్క మనిషే రెండూ పట్టుకుని కూర్చుంటే అది ఎమర్జెన్సీ అకౌంట్ కాదు, ఆ మనిషి సొంత అకౌంట్.

---

ద్వారకానగర్_పాతకాపు | మంగళవారం, మధ్యాహ్నం 12:40

కళ్యాణి గారి మాట కాగితం మీద బాగుంది. కానీ హుద్‌హుద్ తుఫాను రోజు గుర్తు తెచ్చుకోండి. 2014 అక్టోబరు 12, ఆదివారం. తీరం దాటింది మన ఊరి దగ్గరే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల మీద చెట్లు పడి ఎక్కడివాళ్ళు అక్కడే. పక్క కాలనీలో ఉన్న అన్నయ్య క్షేమంగా ఉన్నాడో లేదో తెలుసుకోవడానికి నడుచుకుంటూ వెళ్ళాను. కీ ఉన్న మనిషి ఎంవీపీలో, పిన్ ఉన్న మనిషి గాజువాకలో ఉంటే ఆ రోజు ఇద్దరూ కలిసేవారా? బ్యాంకు లాకర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆదివారం, రెండో శనివారం, నాలుగో శనివారం బ్యాంకు తెరవరు. మామూలు రోజు కూడా సాయంత్రం తర్వాత లాకర్ దొరకదు.

ఆ వారం మా ఆఫీసు పని నడిచింది హైదరాబాద్‌లో ఉన్న ఒక్క కుర్రాడి వల్ల. కాబట్టి ఒక సెట్ ఊరు బయట ఉండాలి. అది మాత్రం తప్పదు.

---

సీతమ్మధార_శ్రీ | మంగళవారం, రాత్రి 9:15

పాతకాపు గారు చెప్పింది సరైన లెక్క. రవి గారి కేసుకి ఇలా పంచుతాను. మొదటి అకౌంట్ కీ ఒకటి ఆటోనగర్ ఆఫీసులో, మంటకి తట్టుకునే ఇనప్పెట్టెలో. కార్డుతో తెరుచుకునే గదిలో కాదు, మామూలు తాళం ఉన్న గదిలో. కార్డు రీడర్ కూడా నెట్‌వర్క్ మీద నడిచేదే కావచ్చు. రెండో అకౌంట్ కీ ఒకటి హైదరాబాద్ బ్రాంచిలో, అక్కడి మేనేజర్ చేతిలో. మిగిలిన రెండు కీలు బ్యాంకు లాకర్‌లో పెట్టుకోవచ్చు. అవి తొందర లేని రోజుకి, అంటే మొదటి కీ పాడైనప్పుడు వాడటానికి.

కీ, పిన్ వేరువేరుగా ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ వేరు చేయడం అంటే వేరే ఊళ్ళో ఉండాలని కాదు. ఒకే భవనంలో కీ ఇనప్పెట్టెలో, పిన్ సీలు వేసిన కవరులో అకౌంట్స్ హెడ్ బీరువాలో ఉంటే చాలు. రాత్రిపూట ఇద్దరిలో ఒకరే ఆఫీసులో ఉంటే ఏం చేయాలన్నది మాత్రం ప్రతి కంపెనీ తనకి తాను తేల్చుకోవాలి. కొందరు ఇనప్పెట్టెలోనే రెండూ పెట్టి, పెట్టె తెరవడానికి ఇద్దరి తాళాలు కావాలంటారు. నేను చూసిన చోట రెండు పద్ధతులూ నడిచాయి.

ఇంకో చిన్న సంగతి. సముద్రపు గాలి ఉన్న ఊరు మనది. కీని చిన్న జిప్ కవరులో సిలికా జెల్ ప్యాకెట్‌తో పెట్టండి.

---

గాజువాక_రవి | బుధవారం, ఉదయం 9:30

హైదరాబాద్‌లో డొమైన్ కంట్రోలర్ ఉంది మేడమ్. మూడో ఏజెంట్ అక్కడ పెట్టడానికి అనుమతి అడిగాను. మరి పాస్‌వర్డ్‌ని క్లౌడ్‌లోనే సరిచూసే పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ కూడా ఆన్ చేస్తే ఏజెంట్లు పోయినప్పుడు దానంతట అదే మారిపోతుంది కదా, అప్పుడీ ఎమర్జెన్సీ అకౌంట్ అవసరం తగ్గుతుందా?

---

సీతమ్మధార_శ్రీ | బుధవారం, మధ్యాహ్నం 2:05

మారదు. హ్యాష్ సింక్ ఆన్‌లో ఉన్నా, ఏజెంట్లు దొరకనప్పుడు దాని మీదకి లాగిన్ దానంతట అదే వెళ్ళదు. ఏడీని క్లౌడ్‌కి సింక్ చేసే ఎంట్రా కనెక్ట్ సర్వర్ దగ్గర కూర్చుని మార్చాలి, ఆ సర్వర్ మీ తెగిన లైన్ వెనకాలే ఉంటుంది. అయినా హ్యాష్ సింక్ ఆన్ చేసి పెట్టుకోవడం మంచిదే. ఎమర్జెన్సీ అకౌంట్ అవసరం మాత్రం దానివల్ల తగ్గదు.

---

మధురవాడ_క్లౌడ్ | బుధవారం, రాత్రి 8:50

ఎవరైనా వాడితే తెలిసేదెలా అన్న ప్రశ్న మిగిలిపోయింది కదా. బిజినెస్ ప్రీమియంలో ఎంట్రా పీ1 ఉంది కాబట్టి సైన్ఇన్ లాగ్‌ని లాగ్ అనలిటిక్స్‌కి పంపించవచ్చు. దానికి ఒక అజూర్ సబ్‌స్క్రిప్షన్ ఉండాలి. డయాగ్నొస్టిక్ సెట్టింగ్స్‌లో `SignInLogs`, `NonInteractiveUserSignInLogs`, `AuditLogs` మూడూ టిక్ చేయండి. రెండోది చాలామంది వదిలేస్తారు. కానీ ఒకసారి లాగిన్ అయ్యాక టోకెన్ మీద జరిగే పని అందులోనే కనిపిస్తుంది. అలర్ట్‌కి ఈ క్వెరీ పెట్టండి:

```
let bg = dynamic(["మొదటి-ఆబ్జెక్ట్-ఐడీ","రెండో-ఆబ్జెక్ట్-ఐడీ"]);
union SigninLogs, AADNonInteractiveUserSignInLogs
| where UserId in (bg)
| project TimeGenerated, UserPrincipalName, IPAddress,
          AppDisplayName, ResultType
```

`ResultType` సున్నా అయితే లాగిన్ అయినట్టు. వేరే నంబరు అయితే ప్రయత్నించి విఫలమైనట్టు. విఫలమైనవాటిని వడకట్టేయకండి. ఈ అకౌంట్ పేరు బయట ఎవరికీ తెలియకూడదు కాబట్టి, విఫలమైన ప్రయత్నం వచ్చినా ఎవరో ఒకరు లేచి చూడాల్సిందే.

ఇంకో అలర్ట్ ఆ అకౌంట్ మీద జరిగే మార్పులకి. పాస్‌వర్డ్ మార్చడం, కొత్త కీ చేర్చడం, డిసేబుల్ చేయడం, అన్నీ ఇందులో పడతాయి. నేను పైన చెప్పిన క్లీనప్ స్క్రిప్ట్ సంగతి దీనితో ఆ రాత్రే తెలిసి ఉండేది:

```
let bg = dynamic(["మొదటి-ఆబ్జెక్ట్-ఐడీ","రెండో-ఆబ్జెక్ట్-ఐడీ"]);
AuditLogs
| where tostring(TargetResources) has_any (bg)
     or tostring(InitiatedBy) has_any (bg)
```

అయిదు నిమిషాలకోసారి నడిచేలా, ఒక్క వరుస వచ్చినా మోగేలా, సివియారిటీ 0 పెట్టండి. లాగ్ చేరడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, క్షణంలో అలర్ట్ రాదని ముందే తెలుసుకుని ఉండండి.

అలర్ట్ ఎవరికి వెళ్తుందో అది ముఖ్యం. కంపెనీ మెయిల్‌కి మాత్రమే పంపితే, గ్లోబల్ అడ్మిన్ అకౌంట్‌ని చేజిక్కించుకున్నవాడు ఆ మెయిల్‌బాక్స్‌నే మూసేయగలడు. ఇద్దరికి ఎస్ఎంఎస్, బయటి మెయిల్‌కి ఒక కాపీ పెట్టండి. ఆ ఇద్దరిలో ఒకరు ఊళ్ళో లేనివారైతే మంచిది.

---

ఎంవీపీ_మూర్తి | బుధవారం, రాత్రి 9:35

ఎంఎఫ్ఏ మార్పు సంగతి తెలిసింది శ్రీ గారూ, నేను పెట్టిన మూడు చోట్లా కీలు తెప్పిస్తాను. కానీ నా భయం పూర్తిగా పోలేదు. 2018 నవంబరు 19న మైక్రోసాఫ్ట్ ఎంఎఫ్ఏ సర్వీసే పద్నాలుగు గంటల పాటు పడిపోయింది. ఎంఎఫ్ఏ పెట్టినవాళ్ళంతా బయటే నిలబడ్డారు. ఎంఎఫ్ఏ లేని అకౌంట్ ఒకటి ఉండాలన్న సలహా ఇలాంటి రోజుల కోసమే కదా. ఇప్పుడు రెండు అకౌంట్లూ ఒకే రకం కీ మీద పెడితే, ఆ కీలతోనే ఇబ్బంది వచ్చిన రోజు ఏంటి?

---

సీతమ్మధార_శ్రీ | బుధవారం, రాత్రి 10:20

ఆ రోజు ఇబ్బంది పడింది ఫోన్‌కి కోడ్, కాల్, నోటిఫికేషన్ పంపే సర్వీసు. ఫిడో2లో అలా విడిగా ఎక్కడి నుంచో రావాల్సింది ఏదీ లేదు, కీ ఇచ్చిన సంతకాన్ని ఎంట్రా నేరుగా సరిచూస్తుంది. ఎంట్రానే పడిపోతే మన ఏ అకౌంటూ పనిచేయదు, దానికి మన వైపు మందు లేదు.

అయినా మీ ప్రశ్న నిజమైనదే. రెండో అకౌంట్‌కి సర్టిఫికేట్ పద్ధతి పెట్టేవాళ్ళున్నారు, మైక్రోసాఫ్ట్ అదీ ఒప్పుకుంటుంది. కానీ సర్టిఫికేట్‌కి గడువు ఉంటుంది, రద్దు జాబితా ఇంటర్నెట్‌లో దొరకాలి, ఇచ్చే సర్వర్‌ని చూసుకోవాలి. రవి గారిలా ఒక్కరే ఐటీ చూసే చోట అది ఇంకో భారం. నేనైతే రెండు వేర్వేరు కంపెనీల కీలు కొంటాను, అక్కడితో ఆగుతాను. పెద్ద కంపెనీ వాళ్ళు వేరేలా ఆలోచించవచ్చు.

---

ఆడిట్_కళ్యాణి | గురువారం, ఉదయం 11:00

ఇంకొకటి అడగాలి. రెండు అకౌంట్లనీ అన్ని పాలసీల నుంచీ మినహాయిస్తే, అడ్మిన్ పేజీలు కాకుండా వేరే యాప్‌లోకి పాస్‌వర్డ్ ఒక్కదానితో వెళ్ళే దారి మిగలదా? ఈ రెండు అకౌంట్లకి మాత్రమే "ఫిడో2 ఉంటేనే" అని విడిగా ఒక పాలసీ పెట్టమని నేను అడుగుతాను.

---

మధురవాడ_క్లౌడ్ | గురువారం, ఉదయం 11:45

కళ్యాణి గారూ, నేను దానికి వ్యతిరేకం. ఈ అకౌంట్లు పుట్టిందే తప్పు పాలసీ నుంచి బయటపడటానికి. వాటి మీదే పాలసీ పెడితే, రేపు ఆ పాలసీలో ఎవరైనా ఒక టిక్ మారిస్తే రెండూ ఒకేసారి పోతాయి. కనీసం ఒక అకౌంట్‌ని ఏ పాలసీ లేకుండా వదలండి, దాని పాస్‌వర్డ్ ఎవరికీ తెలియకుండా చాలా పొడుగ్గా పెట్టండి. లాగిన్ కీతోనే కాబట్టి ఆ పాస్‌వర్డ్ రాసి పెట్టుకోవాల్సిన పని కూడా లేదు.

---

ఆడిట్_కళ్యాణి | గురువారం, మధ్యాహ్నం 12:10

ఒకటి పాలసీతో, ఒకటి లేకుండా అంటే ఒప్పుకోగలను. రెండూ లేకుండా అంటే నా రిపోర్టులో రాస్తాను.

---

గాజువాక_రవి | ఆదివారం, సాయంత్రం 6:15

అందరికీ ధన్యవాదాలు. కీలు వచ్చాయి, నిన్న సాయంత్రం షిఫ్ట్ అయ్యాక ఒక డ్రిల్ చేశాం. ఏం జరిగిందో రాస్తాను, ఇంకొకరికి పనికొస్తుంది.

సర్వర్ రూమ్‌లో రెండు ఏజెంట్ల సర్వీసులు ఆపేశాం. కొత్తగా లాగిన్ కాబోతే మొన్నటిలాగే ఆగిపోయింది, నా అడ్మిన్ అకౌంట్ కూడా. ఇనప్పెట్టె తెరిచి, అకౌంట్స్ మేడమ్ పిన్ కవరు తెచ్చి, రిజిస్టరులో సంతకాలు పెట్టాం. అక్కడ మొదటి చిక్కు. కొన్న కీ పాత యూఎస్‌బీ రకం, ఐటీ లాప్‌టాప్‌లో ఉన్నవి టైప్-సీ పోర్టులే. ఒక అడాప్టర్ దొరికింది కాబట్టి సరే. ఇప్పుడు అడాప్టర్ కూడా కవరులోనే పెట్టాం.

రెండో చిక్కు వైఫై. మా ఆఫీసు వైఫై ఏడీ పాస్‌వర్డ్‌తో నడుస్తుంది. లైన్ తెగిన రోజు దాని మీద ఆశ పెట్టుకోకూడదు కాబట్టి మొబైల్ హాట్‌స్పాట్‌తో వెళ్ళాం. లాప్‌టాప్ మునుపటి లాగిన్‌ని గుర్తుపెట్టుకుంది కాబట్టి తెరుచుకుంది. కొత్త లాప్‌టాప్ అయితే తెరుచుకునేది కాదు. అందుకని ఒక పాత లాప్‌టాప్‌ని లోకల్ అకౌంట్‌తో సిద్ధం చేసి ఇనప్పెట్టె పక్కనే ఉంచాం, నెలకోసారి చార్జ్ చేయాలి.

కీతో `entra.microsoft.com` లోకి వెళ్ళగలిగాం. ఎమర్జెన్సీ అకౌంట్‌తోనే పనంతా చేయకుండా, దానితో తాత్కాలికంగా ఒక క్లౌడ్ అకౌంట్ తెరిచి హైబ్రిడ్ ఐడెంటిటీ అడ్మినిస్ట్రేటర్ రోల్ ఇచ్చాం. హైదరాబాద్ కుర్రాడు ఆ అకౌంట్‌తో అక్కడి సర్వర్ మీద మూడో ఏజెంట్ ఇన్‌స్టాల్ చేశాడు. పోర్టల్‌లో అది యాక్టివ్ అని కనపడ్డాక మళ్ళీ లాగిన్ చేస్తే అయింది, ఆటోనగర్ ఏజెంట్లు ఆగి ఉండగానే. ఆ తాత్కాలిక అకౌంట్‌ని వెంటనే తీసేశాం.

అలర్ట్ ఎస్ఎంఎస్ నాకు వచ్చింది, కానీ లాగిన్ అయిన కొన్ని నిమిషాల తర్వాత. ఎండీ గారికి మాత్రం రాలేదు. అలర్ట్ ఎవరికి వెళ్ళాలో రాసే యాక్షన్ గ్రూప్‌లో ఆయన పాత నంబరు ఉంది. మార్చాం, టెస్ట్ బటన్ నొక్కి చూశాం, వచ్చింది.

ఇంకా తేలనిది ఒకటే. నేను ఊళ్ళో లేని రోజు పెట్టె తెరవమని చెప్పే అధికారం ఎవరిది? ఎండీ గారు తనకే ఫోన్ చేయమంటున్నారు. ఫోన్లు పనిచేయని రోజు ఎలా అని అడిగితే ఆలోచిద్దాం అన్నారు.

---

ద్వారకానగర్_పాతకాపు | ఆదివారం, రాత్రి 8:00

ఫోన్ కలవకపోతే ఆఫీసులో ఉన్నవాళ్ళలో ఇద్దరు సీనియర్లు కలిసి తెరవవచ్చని ముందే కాగితం మీద రాయించుకో రవీ. ఎండీ గారి సంతకంతో. పేర్లు కాకుండా హోదాలు రాయించు, మనుషులు మారుతుంటారు.

---

సీతమ్మధార_శ్రీ | ఆదివారం, రాత్రి 9:25

డ్రిల్ బాగా చేశారు. మూడు పనులు మిగిలాయి. నిన్న పిన్ కవరు తెరిచారు కాబట్టి పిన్ మార్చి కొత్త కవరు, కొత్త సీలు వేయండి. హైదరాబాద్‌లో ఉన్న కీని వాళ్ళ చేత కూడా ఒకసారి లాగిన్ చేయించండి, ఆ అకౌంట్‌కి అలర్ట్ వస్తుందో లేదో చూడండి. తర్వాత కనీసం తొంభై రోజులకోసారి, ఇంకా ఐటీలోనో కవర్లు పట్టుకున్నవాళ్ళలోనో ఎవరైనా ఉద్యోగం మారిన ప్రతిసారీ ఇదే డ్రిల్. క్యాలెండర్‌లో మీ పేరు మీద కాకుండా కంపెనీ క్యాలెండర్‌లో పెట్టండి.

కళ్యాణి గారూ, ఒక అకౌంట్ మీద పాలసీ అన్నారు కదా, రవి గారు ఏది ఎంచుకున్నారో చెబితే మీరు చూస్తారా?

---

గాజువాక_రవి | ఆదివారం, రాత్రి 9:50

హైదరాబాద్ అకౌంట్‌కి పాలసీ పెట్టాను, ఆటోనగర్‌ది ఏ పాలసీ లేకుండా వదిలాను. తుఫాను వస్తే ముందు పోయేది ఇక్కడి లైనే కాబట్టి ఇక్కడి అకౌంట్‌కి అడ్డంకులు తక్కువ ఉండాలనుకున్నాను.

---

మధురవాడ_క్లౌడ్ | ఆదివారం, రాత్రి 10:12

నేనైతే తిరగేసి పెడతాను రవీ. హుద్‌హుద్ లాంటిది వస్తే ఆటోనగర్ పెట్టె దగ్గరికి ఎవరూ చేరలేరు, ఆ రోజు పనిచేయాల్సింది హైదరాబాద్ కీనే. అడ్డంకి లేనిది అక్కడ ఉండాలి.

---

ఆడిట్_కళ్యాణి | సోమవారం, ఉదయం 9:40

క్లౌడ్ గారి మాటతో ఏకీభవిస్తున్నాను. అయితే హైదరాబాద్ కీ, పిన్ రెండూ ఒక్క మేనేజర్ చేతిలోనే ఉన్నాయని అర్థమవుతోంది. ముందు అక్కడ పిన్ కవరు ఎవరి బీరువాలోకి వెళ్తుందో చెప్పండి, పాలసీ సంగతి తర్వాత చూద్దాం.